మోసంతో రాయించుకున్న విక్రయ దస్తావేజును రద్దు చేయించడం ఎలా? మూడేళ్ల గడువును ఏ రోజు నుంచి లెక్కపెట్టాలి?

గోదావరి డెల్టాలో భూమి తగాదా వస్తే మొదట ఊరి పెద్దమనుషుల దగ్గర కూర్చుంటారు. అక్కడ తేలకపోతే పోలీసు స్టేషను, ఆ తర్వాత తహసీల్దారు కార్యాలయం, సోమవారం కలెక్టరేటులో అర్జీ. వకీలు గుమ్మం ఎక్కేది అన్నిటికంటే చివర. మిగతా తగాదాల్లో ఈ వరస ఎలా ఉన్నా, మోసంతోనో బెదిరించో రాయించుకున్న విక్రయ దస్తావేజు విషయంలో మాత్రం ప్రమాదం. దాన్ని రద్దు చేయమని దావా వేయడానికి చట్టం ఇచ్చిన గడువు మూడేళ్లే. పంచాయతీలో గడిచిన రోజులు, పోలీసు ఫిర్యాదు మీద ఎదురుచూసిన రోజులు అన్నీ ఆ మూడేళ్లలోంచే పోతాయి.

ముందుగా ఒక భ్రమ వదిలించుకోవాలి. సబ్ రిజిస్ట్రారు దగ్గరికి వెళ్లి మీరొక్కరే రద్దు దస్తావేజు రాసి ఇస్తే అమ్మకం రద్దు కాదు. 2006లో ఆంధ్రప్రదేశ్ రిజిస్ట్రేషన్ నిబంధనల్ని సవరించారు. అప్పటి నుంచి విక్రయ దస్తావేజును రద్దు చేయాలంటే రాసిచ్చినవారు, రాయించుకున్నవారు ఇద్దరూ సంతకాలు చేయాలి. లేదా కోర్టు ఉత్తర్వు ఉండాలి. ఏకపక్ష రద్దు చెల్లదని తోట గంగాలక్ష్మి కేసులో 2010లో సుప్రీంకోర్టు కూడా చెప్పింది. మోసం జరిగిందా లేదా అని విచారించే పని సబ్ రిజిస్ట్రారుది కాదు. రాయించుకున్నవాడు తనంతట తాను వచ్చి సంతకం పెట్టడు కాబట్టి మీకు మిగిలింది సివిల్ కోర్టు. అక్కడ స్పెసిఫిక్ రిలీఫ్ చట్టం 31వ సెక్షను కింద రద్దు దావా వేయాలి.

చెప్పే విషయం పట్టుబడాలంటే ఒక ఉదాహరణ కావాలి. ఇది కల్పించిన ఉదాహరణే అయినా, డెల్టాలో ఎవరికీ కొత్తగా అనిపించదు. అమలాపురం దగ్గర ఒక ఊళ్లో భర్త పోయిన పెద్దావిడకు 80 సెంట్ల కొబ్బరితోట ఉంది. మరిది కొడుకు రొయ్యల చెరువు కోసం అప్పు తెచ్చుకుంటున్నానని, పెద్దమ్మ హామీ సంతకం చేస్తే చాలని నమ్మించి, 2023 నవంబరు 17న ఆమెను రిజిస్ట్రేషన్ కార్యాలయానికి తీసుకెళ్లాడు. ఆమె వేలిముద్ర వేసింది, ఫొటో దిగింది. నిజానికి అది రూ.20 లక్షలు నగదుగా ముట్టినట్టు రాసిన విక్రయ దస్తావేజు. తోట మాత్రం ఆమె చేతిలోనే ఉంది. కాయల దింపు ఎప్పటిలాగే ఆమే చేయిస్తోంది. 2024 ఆగస్టు 6న సొసైటీలో అప్పు కోసం భూమి ఎవరి పేరున ఉందో చూపే 1బి తీయిస్తే అందులో మరిది కొడుకు పేరు కనిపించింది.

మొదటి పని: జరిగింది మోసమా, బెదిరింపా?

వకీలు దగ్గరికి వెళ్లకముందే దీన్ని మీలో మీరు తేల్చుకోవాలి. రెండింటికీ గడువు మూడేళ్లే అయినా, లెక్క మొదలయ్యే రోజు వేరు.

లిమిటేషన్ చట్టం 59వ ఆర్టికల్ ప్రకారం, దస్తావేజును రద్దు చేయించుకునే హక్కు కలిగించే సంగతులు మీకు మొదటిసారి తెలిసిన రోజు నుంచి మూడేళ్లు. మోసంలో ఆ సంగతులు దాచి ఉంచుతారు కాబట్టి, అవి బయటపడ్డ రోజే లెక్కకు మొదలు. పెద్దావిడ విషయంలో అది 2024 ఆగస్టు 6. ఆ రోజును వదిలేసి లెక్కిస్తే 2027 ఆగస్టు 6 వరకు గడువు ఉంటుంది. చివరి రోజు కోర్టుకు సెలవైతే తిరిగి తెరిచిన రోజున వేయవచ్చు. అలాగని అంతవరకు ఆగడం తెలివి కాదు. ఎందుకో కిందే తెలుస్తుంది.

బెదిరింపు సంగతి వేరు. మెడమీద కత్తి పెట్టి సంతకం చేయించుకుంటే, అది విక్రయ దస్తావేజని, తాను భయంతో చేస్తున్నానని ఆ మనిషికి ఆ క్షణంలోనే తెలుసు. కొత్తగా బయటపడేదేమీ లేదు. అందుకే సంతకం చేసిన రోజు నుంచే మూడేళ్లు అనుకుని పని చేయాలి. మోసం వల్ల గడువు ఆలస్యంగా మొదలయ్యే వెసులుబాటు లిమిటేషన్ చట్టం 17వ సెక్షనులో ఉంది గాని, అది భయానికి ఉపయోగపడదు. ‘వాళ్లంటే ఇన్నాళ్లూ భయం, అందుకే రాలేదు’ అనే మాటకు కోర్టులో సానుభూతి దొరకవచ్చు, గడువు దొరకదు.

ఇంకో తేడా ఉంది. దస్తావేజు ఏమిటో తెలిసే సంతకం చేసి, అందులోని విషయాల గురించి మోసపోతే అది మీరు కోరితే రద్దయ్యే పత్రం. అసలు దస్తావేజు స్వభావం గురించే మోసం జరిగితే, అంటే హామీ పత్రమని చెప్పి విక్రయం మీద వేలిముద్ర వేయించుకుంటే, అది మొదటి నుంచీ చెల్లని పత్రం. నింగవ్వ కేసులో 1968లో సుప్రీంకోర్టు ఈ తేడా చెప్పింది. మొదటి నుంచీ చెల్లని పత్రమైతే స్వాధీనం కోసం 12 ఏళ్ల గడువు వాడుకోవచ్చని కొందరు ధైర్యం చెబుతారు. ఆ ధైర్యం మీద ఆస్తిని పణంగా పెట్టవద్దు. మీ పత్రం ఏ రకానిదో తేల్చేది చివరికి జడ్జి. ఆయన దాన్ని రెండో రకం కింద వేయకుండా కోరితే రద్దయ్యే పత్రమని అంటే, మూడేళ్లు దాటినవారికి మిగిలేది శూన్యం. ఏ రకమైనా సరే, మూడేళ్లలోపే వేయండి.

రెండో పని: తెలిసిన తేదీని కాగితంతో కట్టేయండి

దావాలో అందరికంటే ఎక్కువ దెబ్బతినేది ఇక్కడే. ప్రతివాది తరఫు వకీలు మొదట అడిగే ప్రశ్న ‘మోసం జరిగిందా’ కాదు, ‘మీకు ఎప్పుడు తెలిసింది’. తెలిసిన తేదీని వీలైనంత వెనక్కి లాగడం ఆయన పని. రిజిస్ట్రేషను రోజున మీరే అక్కడ ఉన్నారు కదా అంటాడు. రెవెన్యూ రికార్డులో పేరు మార్చే మ్యుటేషన్ సమయంలో మీకు నోటీసు ఇచ్చారు, ఇదిగో మీ వేలిముద్ర అంటాడు. పైగా 17వ సెక్షను మీకు నిజంగా తెలిసిన రోజునే చూడదు, తగిన జాగ్రత్తతో ఉంటే తెలుసుకోగలిగే రోజును కూడా చూస్తుంది.

పెద్దావిడ కేసులో రిజిస్ట్రేషను రోజు నుంచి లెక్కిస్తే గడువు 2026 నవంబరు 17కే ముగుస్తుంది. అందుకే పైన ఆగవద్దన్నాను. ఆ తేదీకి ముందే దావా దాఖలైతే తెలిసిన తేదీ మీద వాదనే అక్కర్లేదు. ఒకటి గుర్తుపెట్టుకోండి: దస్తావేజు తేదీ నుంచి మూడేళ్లు ఇంకా దాటకపోతే, ఆ లోపే వేయడం అన్నిటికంటే సురక్షితం. అది దాటిపోయినవారు మాత్రమే తెలిసిన తేదీ మీద ఆధారపడాలి.

అలా ఆధారపడేవారు ఆ తేదీకి కాగితం సంపాదించాలి. సొసైటీలో ఇచ్చిన దరఖాస్తు నకలు, ఆ రోజు తీసిన 1బి ప్రతి మీద ముద్రపడ్డ తేదీ, ఆ వెంటనే తీయించిన, ఆస్తి మీద రిజిస్టరైన లావాదేవీలు చూపే ఈసీ, దస్తావేజు సర్టిఫైడు నకలు కోసం పెట్టిన దరఖాస్తు రసీదు. ఈ నాలుగూ ఒకే వారంలో ఉంటే, ‘తెలియగానే కదిలింది’ అని కాగితాలే చెబుతాయి. సంగతి తెలిశాక ఆరు నెలలకు ఈసీ తీయిస్తే, ఆ ఆరు నెలలూ ఏం చేశారన్న ప్రశ్నకు జవాబు దొరకదు.

మీ ప్రవర్తన కూడా సాక్ష్యమే. దింపు కాయలు అంబాజీపేట వ్యాపారికి అమ్మిన చిట్టీలు, నీటి తీరువా రసీదులు, దింపు కూలి లెక్కలు 2023 నవంబరు తర్వాత కూడా ఆమె పేరు మీదే ఉంటే, తోట అమ్ముకున్న మనిషి ఇలా చేస్తుందా అని జడ్జి అడుగుతారు. ఒక్క రాయితో రెండు పనులు: మోసానికీ రుజువే, స్వాధీనం ఇంకా ఆమెదే అన్నదానికీ రుజువే.

మూడో పని: నకలును చదవండి, ఒకటికి రెండుసార్లు

సర్టిఫైడు నకలు చేతికి వచ్చాక ధర ఎంత రాశారో చూసి ఊరుకోవద్దు. సొమ్ము ఎలా ముట్టిందని రాశారు? నగదా, చెక్కా, బ్యాంకు బదిలీయా? రూ.20 లక్షలు నగదుగా అని ఉంటే, అంత నగదు తెచ్చేంత ఆదాయం కొన్నవాడికి ఉందా, ఇచ్చినట్టు సాక్షి ఎవరు అనే ప్రశ్నలు పుడతాయి. భూమి అమ్మకంలో అంత పెద్ద మొత్తం నగదుగా తీసుకోవడాన్ని ఆదాయపు పన్ను చట్టం కూడా ఒప్పుకోదు. అంతమాత్రాన అమ్మకం చెల్లకుండా పోదు గాని, అబద్ధం బయటపడే సందు అదే.

సాక్షులు ఎవరు, దస్తావేజు లేఖరి ఎవరు, గుర్తింపు సాక్షులుగా సంతకం చేసిందెవరు, వీళ్లందరూ కొన్నవాడి మనుషులేనా అన్నది రాసుకోండి. ‘చదివించుకొని విని, సమ్మతించి’ అనే వాక్యం ప్రతి దస్తావేజులోనూ ఉంటుంది. చదివి వినిపించింది ఎవరో అందులో ఉండదు. విచారణలో లేఖరిని అడగవలసిన మొదటి ప్రశ్న అది.

ఇక్కడ ఒక మాట గట్టిగా చెప్పాలి. మీ వేలిముద్రే అయితే అది మీది కాదని అనవద్దు. కొందరు సలహాదారులు ‘ఫోర్జరీ అని వేద్దాం, గట్టిగా ఉంటుంది’ అంటారు. రిజిస్ట్రేషను కార్యాలయంలో మీ ఫొటో, వేలిముద్రలు ఉంటాయి. నిపుణుడు పోల్చి మీదేనని తేల్చిన రోజున, మోసం జరిగిందన్న నిజమైన మాటను కూడా ఎవరూ నమ్మరు. మీరు వేలిముద్ర వేశారు, కానీ అది దేనిమీదో చెప్పకుండా వేయించుకున్నారు. చెప్పవలసింది అదే.

నాలుగో పని: దావా రాయించడం

దావాలో ‘ప్రతివాది మోసం చేసి రాయించుకున్నాడు’ అని ఒక్క వాక్యం రాస్తే సరిపోదు. మోసం, ఒత్తిడి లాంటి ఆరోపణలు చేసేటప్పుడు తేదీలతో సహా వివరాలు ఇవ్వాలని సివిల్ ప్రొసీజర్ కోడ్ 6వ ఆర్డరు 4వ రూలు చెబుతుంది. ఎవరు, ఎప్పుడు, ఏ మాట చెప్పి, ఎక్కడికి తీసుకెళ్లారో రాయాలి. వకీలు ముసాయిదా ఇచ్చినప్పుడు తెలిసిన తేదీ గురించి దాదాపు ఇలాంటి పేరా ఉందో లేదో చూసుకోండి:

‘వాది చదువుకోలేదు. 17-11-2023న అప్పుకు హామీ పత్రమని ప్రతివాది చెప్పిన మాట నమ్మి వేలిముద్ర వేసింది. దస్తావేజును ఎవరూ చదివి వినిపించలేదు. సొమ్ము ఏదీ ముట్టలేదు. ఆ తర్వాత కూడా తోట వాది స్వాధీనంలోనే ఉండి, ఫలసాయం వాదే అనుభవిస్తున్నందున అనుమానం కలగలేదు. మ్యుటేషన్ నోటీసు వాదికి అందలేదు. 06-08-2024న సొసైటీలో అప్పు కోసం 1బి తీసుకున్నప్పుడు మొదటిసారి సంగతి తెలిసింది.’

ప్రతి వాక్యం వెనుక ఒక ఎదురు ప్రశ్న ఉంది. ఎందుకు ముందే తెలియలేదో దావాలో లేకపోతే, ప్రతివాది 7వ ఆర్డరు 11వ రూలు కింద దావానే తిరస్కరించమని అడుగుతాడు. ఆ దశలో జడ్జి చూసేది మీ దావా, దానికి జతచేసిన పత్రాలే. సాక్షులు చెప్పేదాకా కేసు వెళ్లదు.

దీనికి దహిబెన్ కేసు పెద్ద హెచ్చరిక. గుజరాత్‌లో భూమి అమ్మినవారు, చెక్కుల సొమ్ము చాలావరకు ముట్టలేదంటూ అయిదేళ్లు దాటాక రద్దు దావా వేశారు. 2020లో సుప్రీంకోర్టు ఆ దావా తిరస్కరణను సమర్థించింది. గడువు దాటిందన్నది ఒక కారణం. ధర ముట్టకపోవడం ఒక్కటే అమ్మకాన్ని రద్దు చేయదు, ఆ సొమ్ము వసూలుకు మాత్రం దావా వేసుకోవచ్చన్నది ఇంకో కారణం. కాబట్టి మీ దావా ‘డబ్బులు ఇవ్వలేదు’ అన్నదాని మీద నిలబడకూడదు. దస్తావేజు ఏమిటో దాచారన్నదాని మీద నిలబడాలి. సొమ్ము ముట్టకపోవడం దానికి తోడు రుజువు మాత్రమే.

అలాగే మీకు నిజంగా కొంత సొమ్ము ముట్టి ఉంటే దాచవద్దు. ఎంత ముట్టిందో రాసి, కోర్టు చెబితే తిరిగి ఇస్తామని దావాలోనే చెప్పండి. రద్దు చేసేటప్పుడు అందిన లాభాన్ని తిరిగి ఇమ్మని చెప్పే అధికారం 33వ సెక్షను కింద కోర్టుకు ఉంది. దాచి తర్వాత బయటపడితే నమ్మకం పోతుంది.

రాసిచ్చిన మనిషే వాది అయితే రద్దు కోరాలి. ఆ దస్తావేజుతో సంబంధం లేనివారు, అంటే తమ వాటాను మరొకరు అమ్మేస్తే, అది తమకు వర్తించదన్న ప్రకటన కోరితే చాలు. తోట ప్రతివాది చేతిలోకి వెళ్లి ఉంటే స్వాధీనం కూడా అదే దావాలో అడగాలి. మీ చేతిలోనే ఉంటే, జోక్యం చేసుకోకుండా శాశ్వత నిషేధం అడగాలి. మరిది కొడుకు ఈలోగా మూడో వ్యక్తికి అమ్మేసి ఉంటే అతన్నీ ప్రతివాదిగా చేర్చాలి. ఎందుకంటే సంగతి తెలియక డబ్బు పెట్టి కొన్నవాడికి చట్టం కొంత రక్షణ ఇస్తుంది.

దాఖలు చేసే చోటు, ఖర్చు

రిజిస్ట్రేషను ఎక్కడ జరిగినా దావా వేయవలసింది భూమి ఉన్న ప్రాంతపు కోర్టులో. తోట అమలాపురం దగ్గర ఉండి దస్తావేజు వేరే ఊళ్లో రిజిస్టరైనా సరే, అమలాపురంలోనే. జూనియర్ సివిల్ జడ్జి దగ్గరా, సీనియర్ దగ్గరా అన్నది ఆస్తి విలువను బట్టి ఉంటుంది. కోర్టు రుసుమును ఆంధ్రప్రదేశ్ కోర్టు రుసుముల చట్టం 37వ సెక్షను ప్రకారం, ఆ దస్తావేజు ఏ ఆస్తి గురించి రాశారో దాని విలువ మీద కడతారు. రూ.20 లక్షల దస్తావేజుకు అది చిన్న మొత్తం కాదు. అక్కడే చాలామంది వెనక్కి తగ్గుతారు. మహిళలకు, ఎస్సీ, ఎస్టీలకు ఆదాయంతో నిమిత్తం లేకుండా ఉచిత న్యాయ సహాయం ఉంటుంది. వకీలు ఖర్చే కాదు, కోర్టు రుసుము కూడా అందులోకి వస్తుంది. కోర్టు ఆవరణలోనే ఉండే మండల న్యాయ సేవల కమిటీ కార్యాలయంలో దరఖాస్తు ఇవ్వండి. పెద్దావిడ అందుకు అర్హురాలే.

దావాతో పాటే మధ్యంతర నిషేధ ఉత్తర్వు కోసం 39వ ఆర్డరు కింద పిటిషను వేయించండి. ప్రతివాది తోటను అమ్మకుండా, తనఖా పెట్టకుండా, మిమ్మల్ని కదపకుండా ఉత్తర్వు అడగాలి. వస్తే దాని నకలును సబ్ రిజిస్ట్రారుకు ఇచ్చి, అందినట్టు సంతకం తీసుకోండి. ఉత్తర్వు రాకపోయినా, దావా దాఖలయ్యాక కొన్నవాడు దావా ఫలితానికి కట్టుబడాల్సిందే.

పోలీసు ఫిర్యాదు వద్దని కాదు. మోసం నేరం కూడా. కానీ అది సివిల్ గడువును ఆపదు. నేరం రుజువైనా దస్తావేజు దానంతట అదే రద్దు కాదు. రెండూ పక్కపక్కన నడవనివ్వండి. గడువు దాటాక ఆలస్యాన్ని మన్నించమని అడిగే పిటిషను అప్పీళ్లకు ఉంటుంది, దావాలకు లేదు. ప్రతివాది ఆ మాట ఎత్తకపోయినా, గడువు దాటిన దావాను కోర్టు కొట్టేయాల్సిందే.

పెద్దావిడ సంగతి తెలిశాక, దావా వేయకుండానే చనిపోతే? పిల్లలకు కొత్తగా మూడేళ్లు రావు. ఆమెకు తెలిసిన రోజునే మొదలైన గడువు వాళ్లకూ నడుస్తుంది, అందులో మైనరు ఉన్నా ఆగదు.

విచారణలో, ఆ తర్వాత

మోసం రుజువు చేసే భారం సాధారణంగా వాదిదే. రిజిస్టరైన పత్రం నిజమైనదనే భావనతోనే కోర్టు మొదలుపెడుతుంది. అయితే వయసు, నిరక్షరాస్యత, నమ్మకమైన బంధుత్వం కలిసినప్పుడు, ఆ నమ్మకాన్ని వాడుకుని అన్యాయమైన బేరం చేసుకున్నట్టు కనిపిస్తే, తాను నిజాయితీగానే నడుచుకున్నానని చూపే భారం కొన్నవాడి మీదికి మారవచ్చు. అందుకే మోసంతో పాటు, ప్రత్యామ్నాయంగా అనుచిత ప్రభావాన్ని కూడా దావాలో రాయించండి. దాన్ని తర్వాత గుర్తు చేసుకుని చేర్చడం కష్టం.

డిక్రీ వచ్చాక పని మిగిలే ఉంటుంది. రిజిస్టరైన దస్తావేజును రద్దు చేస్తే, డిక్రీ నకలును ఆ రిజిస్ట్రేషను కార్యాలయానికి పంపాల్సింది కోర్టే, అక్కడి పుస్తకంలో రద్దు సంగతి రాయాల్సింది సబ్ రిజిస్ట్రారు. అది జరిగిందో లేదో మీరే చూసుకోవాలి. కొన్నాళ్లకు కొత్త ఈసీ తీయించి రద్దు సంగతి కనిపిస్తోందా అని చూడండి. ప్రతివాది జిల్లా కోర్టుకు అప్పీలు చేసుకోవడానికి 30 రోజులు ఉంటాయి. ఆ గడువు ముగిశాక డిక్రీ సర్టిఫైడు నకలుతో తహసీల్దారుకు అర్జీ పెట్టి, 1బిలో, అడంగల్‌లో, పట్టాదారు పాసుపుస్తకంలో మీ పేరు తిరిగి ఎక్కించుకోండి.